పేరు కొట్టేసినా మనిషి దొరికిపోయే పట్టిక

విద్యార్థుల వివరాలో, సిబ్బంది వివరాలో ఉన్న పట్టికను బయటి సంస్థకు పంపేటప్పుడు పేరు, ఆధార్, ఫోన్ నంబర్ ఉన్న కాలమ్‌లు తీసేసి మిగతాది అలాగే పంపడం ఆఫీసుల్లో అలవాటు. ఈ మూడూ మనిషిని నేరుగా చూపించే కాలమ్‌లు. వాటిని తీయాలని ఎవరికీ చెప్పనక్కర్లేదు. చిక్కంతా మిగిలిపోయిన కాలమ్‌లతోనే. ఊరు, పుట్టిన తేదీ, కులవర్గం, చదివిన బడి, వచ్చిన మార్కులు విడివిడిగా ఎవరినీ పట్టివ్వవు. రెండు మూడు ఒకచోట చేరితే మాత్రం ఊళ్లో తెలిసినవాళ్లకు అది ఫలానావాళ్ల అమ్మాయేనని ఇట్టే అర్థమైపోతుంది.

ఇలాంటి సమాచారం బయటపడితే ఏమవుతుందో ఆంధ్రప్రదేశ్ 2018 ఏప్రిల్‌లో చూసింది. రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైట్‌లో దాదాపు 1.34 లక్షల మంది లబ్ధిదారుల ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతా, ఊరు, కులం, మతంతో సహా ఎవరైనా చూడగలిగేలా ఉన్నాయని హైదరాబాద్‌కు చెందిన పరిశోధకుడు శ్రీనివాస్ కొడాలి బయటపెట్టారు. పత్రికలు రాశాక ఆధార్ అంకెలను మరుగుపరిచారు. అదే నెలలో మరో కథనం వచ్చింది: రాష్ట్ర ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనే కులం, మతం వారీగా వడపోసి ఆ కుటుంబాల ఇళ్లు మ్యాపులో ఎక్కడున్నాయో చూడవచ్చని హఫ్‌పోస్ట్ ఇండియా రాసింది. ఆధార్ ప్రచురించకూడదని ఆధార్ చట్టం 29వ సెక్షన్ చెబుతోంది కాబట్టి ఆ పన్నెండు అంకెల మీదే అందరి కళ్లూ పడ్డాయి. నిజానికి ఆధార్ లేకపోయినా కులం, మతం, ఇల్లు కలిసిన పట్టిక తక్కువ ప్రమాదకరమేమీ కాదు.

బడిపిల్లల పట్టికలో ఇది ఎలా జరుగుతుందో చూడడానికి ఒక ఊహా పట్టిక తీసుకోవచ్చు. కోనసీమలో ఒక మండలం, నాలుగు హైస్కూళ్లు, పదో తరగతిలో 212 మంది. బడుల వారీగా 84, 71, 46, 11. ఆ 11 మంది చదివేది గోదావరి పాయల మధ్య ఉన్న ఒక లంక గ్రామంలో. హాజరు తగ్గితే ఫలితాలు ఎంత దెబ్బతింటున్నాయో తెలుసుకోవాలని బయటి ట్రస్టు ఒకటి వివరాలు అడిగింది. బడుల దగ్గర ఉన్న ఫైల్‌లో పేరు, తల్లిదండ్రుల పేర్లు, ఆధార్, తల్లి బ్యాంకు ఖాతా, ఫోన్, హాల్‌టికెట్ నంబర్, బడి యూడైస్ కోడ్, ఊరు, పుట్టిన తేదీ, బాలురో బాలికలో, కులవర్గం, హాజరు శాతం, ఆరు సబ్జెక్టుల మార్కులు, చివర ‘రిమార్కులు’ అనే గడి ఉన్నాయి.

పని మొదలుపెట్టాల్సింది ఏం తీసేయాలన్న ప్రశ్నతో కాదు, ట్రస్టుకు ఏం కావాలన్న ప్రశ్నతో. వాళ్లకు కావలసింది హాజరు, ఫలితం. మహా అయితే బాలురా బాలికలా అన్నది. కాబట్టి అసలు ఫైల్‌ను ముట్టుకోకుండా పక్కన పెట్టి, కొత్త ఫైల్ తెరిచి, కావలసిన కాలమ్‌లను మాత్రమే అందులోకి విలువలుగా పేస్ట్ చేసుకోవాలి. పాత ఫైల్‌లో కాలమ్‌లు ఒక్కొక్కటే తీసేస్తూ పోతే ఏదో ఒకటి మిగిలిపోతుంది. కొత్త ఫైల్‌లోకి ఎంచి తెచ్చుకున్నప్పుడు మరిచిపోయిన కాలమ్ బయటే ఉండిపోతుంది తప్ప లోపలికి రాదు.

వదిలేసిన కాలమ్‌లలో అమాయకంగా కనిపించేవి మూడున్నాయి. ఒకటి యూడైస్ కోడ్. బడి పేరు తీసేసి ఈ కోడ్ ఉంచితే బడి పేరు ఉంచినట్టే. ఈ 11 అంకెల్లో మొదటి రెండు రాష్ట్రం, తర్వాత రెండు జిల్లా, మరో రెండు మండలం, ఆపై మూడు ఊరు, చివరి రెండు బడి. ఆంధ్రప్రదేశ్ కోడ్ 28. ఆ అంకెలు ఎవరు వెతికినా బడి పేరు, ఊరు తెరమీదికి వస్తాయి. రెండోది రిమార్కుల గడి. క్లాస్ టీచర్ తన వీలు కోసం ‘తల్లి కువైట్‌లో, అమ్మమ్మ దగ్గర ఉంటోంది’ అని రాసుకుని ఉంటారు. గల్ఫ్‌కు వెళ్లినవాళ్లు కోనసీమలో చాలామందే ఉన్నా, ఒకే బడిలో ఒకే తరగతిలో ఈ వివరం సరిపోయే పిల్ల ఒకతే అయ్యే అవకాశం ఎక్కువ. ఎవరో చేత్తో రాసిన మాటలున్న గడిలో ఏముందో కంప్యూటర్ చెప్పలేదు, మనిషే ప్రతి వరుసా చదవాలి. అంత తీరిక లేకపోతే ఆ గడిని పూర్తిగా వదిలేయడమే మేలు.

మూడోది హాల్‌టికెట్ నంబర్. ఒకప్పుడు పదో తరగతి ఫలితాలు పత్రికల్లో హాల్‌టికెట్ నంబర్లుగానే పడేవి. ఆ అలవాటు వల్ల కాబోలు, నంబర్ ఒక్కటే ఉంటే మనిషి దాగి ఉన్నట్టే అనే భ్రమ ఇంకా పోలేదు. ఇప్పుడు ఫలితాల వెబ్‌సైట్‌లో నంబర్ కొడితే పేరు, మార్కులు రెండూ కనబడతాయి. పైగా ఒక బడి పిల్లల నంబర్లు వరుసగా ఉంటాయి. ఒకరి నంబర్ తెలిస్తే ముందువీ వెనకవీ కొట్టుకుంటూ పోయి ఆ బడి ఫలితాలన్నీ పేర్లతో పోగేయవచ్చు.

హాల్‌టికెట్ కాలమ్ తీసేసినంత మాత్రాన ఆ దారి మూసుకుపోదు. పట్టికలో తెలుగు, హిందీ, ఇంగ్లిష్, లెక్కలు, సైన్స్, సోషల్ మార్కులు విడివిడిగా ఉంటే ఆ ఆరు అంకెలు కలిసి వేలిముద్రలా పనిచేస్తాయి. తెలుగులో 78, హిందీలో 61, లెక్కల్లో 43 వచ్చిన పిల్లలు మండలంలో ఇద్దరు ఉండడమే అరుదు, మిగతా మూడు సబ్జెక్టులూ కలిస్తే ఇక చెప్పక్కర్లేదు. వెబ్‌సైట్ నుంచి పేర్లతో పోగేసిన మార్కులను పేర్లు లేని పట్టిక పక్కన పెడితే వరుసకు వరుస అతుక్కుపోతుంది. మార్కులు ఎలాగూ అందరికీ తెలిసినవే కదా, పోయిందేముంది అనిపించవచ్చు. పోయేది మార్కులు కాదు. వాటితో పాటు అదే వరుసలో ఉన్న కులవర్గం, హాజరు వంటివి ఆ పేరుకు చేరిపోతాయి. అందుకే ఆరు కాలమ్‌లకు బదులు ఫస్ట్, సెకండ్, థర్డ్ డివిజన్, ఫెయిల్ అనే నాలుగు మెట్లు చాలు. హాజరు 87.42 శాతం అని ఉంటే అదీ ఇలాంటి గుర్తే, కాబట్టి 75 లోపు, 75 నుంచి 90, 90 పైన అనే మూడు మెట్లుగా మార్చాలి. ట్రస్టు అడిగిన ప్రశ్నకు ఇంతకంటే సూక్ష్మమైన అంకెలు అవసరం లేదు.

వరుసలను గుర్తు పట్టడానికి ఏదో ఒక నంబర్ ఉండాలి. రేపు ట్రస్టు ‘37వ వరుసలో హాజరు ఖాళీగా ఉంది’ అని ఫోన్ చేస్తే అదెవరో బడికి తెలియాలి. అందుకు పట్టికలో సొంత కోడ్ ఒకటి వేసుకుంటారు. ఇక్కడ ఎక్కువమంది పడే గుంట వరుసక్రమం. పేర్లు తీసేసి హాజరుపట్టీ క్రమంలోనే 1, 2, 3 అని వేస్తే, ఆ హాజరుపట్టీ చూసిన ఎవరికైనా పదిహేనో వరుస ఎవరిదో తెలుసు. కావలసిన కాలమ్‌లను కొత్త ఫైల్‌లోకి తెచ్చే ముందే, పేర్లు ఇంకా ఉన్న నకలులో వరుసలను పేకముక్కల్లా కలిపేయాలి. ఒక ఖాళీ కాలమ్‌లో కింది సూత్రం వేసి, వరుసలన్నిటికీ దించి, ఆ కాలమ్ ప్రకారం క్రమం మార్చాలి:

```
=RAND()
```

క్రమం మారాక ఆ కాలమ్ తీసేసి, అప్పుడు 1 నుంచి 212 వరకు కోడ్ వేయాలి. కోడ్‌కూ పేరుకూ జతలున్న చిన్న ఫైల్ బడి దగ్గరే, వేరే చోట, పాస్‌వర్డ్‌తో ఉంటుంది.

కాస్త కంప్యూటర్ తెలిసినవాళ్లు ఇక్కడ మరో ఉపాయం చేస్తారు. ఆధార్‌నో ఫోన్ నంబర్‌నో ‘హాష్’ అనే లెక్కలో వేసి వచ్చిన పొడుగాటి అక్షరాల గొలుసును కోడ్‌గా పెడతారు. ఆ గొలుసు నుంచి వెనక్కు నంబర్ తీయలేమన్నది నిజమే. కానీ ఒకే నంబర్‌కు ఎప్పుడూ ఒకే గొలుసు వస్తుంది. కాబట్టి సాధ్యమైన నంబర్లన్నిటికీ గొలుసులు ముందే లెక్కగట్టి జాబితా పెట్టుకుంటే సరిపోతుంది. ఆధార్‌లో మొదటి అంకె 0, 1 కాదు. చివరి అంకె ముందున్న పదకొండు అంకెలను బట్టి లెక్కగట్టే తనిఖీ అంకె. అంటే సాధ్యమైన ఆధార్ నంబర్లు మొత్తం 8,000 కోట్లు. మనిషికి ఇది ఊహకందని సంఖ్య. ఎండీ5 వంటి పాత హాష్ అయితే మంచి గ్రాఫిక్స్ కార్డుకు కొద్ది సెకన్ల పని. 2014లో న్యూయార్క్ నగరం టాక్సీ ప్రయాణాల పట్టికను బయటికిచ్చినప్పుడు బండి నంబర్లను సరిగ్గా ఇలాగే మరుగుపరిచింది. విజయ్ పాండురంగన్ అనే ఇంజనీరు గంటల్లోనే అసలు నంబర్లన్నీ తీసి చూపించాడు. వరుసలు కలిపి వేసిన 1, 2, 3 వీటన్నిటికంటే గట్టిది, ఎందుకంటే దానికీ మనిషికీ మధ్య లెక్కేదీ లేదు.

ఆధార్‌లో చివరి నాలుగు అంకెలు ఉంచి మిగతావి X అని వేయడమూ అంతే. అది ఒక మనిషికి తన కార్డు తనదేనని చూపడానికి పనికొచ్చే పద్ధతి. 212 మంది ఉన్న పట్టికలో నాలుగు అంకెలు దాదాపు అందరికీ వేరువేరుగా ఉంటాయి, అసలు జాబితా చేతిలో ఉన్నవాళ్లకు అవే తాళంచెవి.

నేరుగా గుర్తుపట్టించేవి పోయాక, మిగిలినవాటిలో ఎవరైనా ఒంటరిగా నిలబడ్డారా అని చూడాలి. బడి, బాలురు-బాలికలు, కులవర్గం అనే మూడు కాలమ్‌లు ఉంచుదామనుకుంటే 4 బడులు, 2 లింగాలు, ఓసీ, బీసీ, ఎస్సీ, ఎస్టీ అని 4 వర్గాలు, మొత్తం 32 గుంపులు. 212 మందిని 32తో భాగిస్తే గుంపుకు ఆరుగురు పైచిలుకు వస్తారు కాబట్టి పర్వాలేదనిపిస్తుంది. సగటు ఇక్కడ మోసం చేస్తుంది. లంక బడిలో 11 మంది 8 గుంపుల్లోకి చెదిరిపోతారు. అక్కడ ‘బీసీ బాలిక’ అంటే ఒకతే కావచ్చు. గుంపులను కళ్లతో వెతకనక్కర్లేదు. బడి B కాలమ్‌లో, లింగం C లో, వర్గం D లో ఉంటే పక్క కాలమ్‌లో ఈ సూత్రం వేస్తే, తనలాంటి వరుసలు తనతో కలిపి ఎన్ని ఉన్నాయో ప్రతి వరుస పక్కనా పడుతుంది:

```
=COUNTIFS(B:B,B2,C:C,C2,D:D,D2)
```

ఆ కాలమ్‌లో 1 ఉన్న వరుస అంటే మనిషి నిలువునా దొరికినట్టే. 2 ఉంటే ఆ ఇద్దరిలో ఒకరికి రెండోవారి సంగతి తెలిసిపోతుంది. ఏ గుంపులోనూ ఇంతకంటే తక్కువమంది ఉండకూడదని ముందే ఒక హద్దు పెట్టుకుంటారు. 5 అన్నది తరచుగా వాడే హద్దు, విషయం సున్నితమైనదైతే 10. ఈ ఆలోచనకు అమెరికన్ పరిశోధకురాలు లతాన్యా స్వీనీ 1990ల చివర్లో ఒక రూపమిచ్చారు. పేర్లు తీసేసి పరిశోధనకిచ్చిన ఆస్పత్రి రికార్డులను ఓటర్ల జాబితా పక్కన పెట్టి, మసాచుసెట్స్ గవర్నర్ విలియం వెల్డ్ వైద్య వివరాలను ఆమె పట్టుకున్నారు. అందుకు వాడినవి పిన్‌కోడ్ లాంటి జిప్ కోడ్, పుట్టిన తేదీ, స్త్రీయా పురుషుడా అన్నది, అంతే. అమెరికన్లలో 87 శాతం మందిని ఆ మూడే పట్టిస్తాయని తర్వాత ఆమె లెక్కగట్టారు. మన 212 మందిలో బడి, లింగం, వర్గంతో పాటు పుట్టిన తేదీ కూడా ఉంచితే ఒంటరివి కాని వరుసలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. వయసు కావాలంటే పుట్టిన సంవత్సరం చాలు. అందరూ పదో తరగతే కాబట్టి ఈ పట్టికకు అదీ అక్కర్లేదు.

హద్దు దాటని గుంపులను ఏం చేయాలన్నది తీర్పుకు సంబంధించిన విషయం. కులవర్గం తీసేస్తే బడి, లింగం మిగిలి 8 గుంపులవుతాయి. అప్పుడు కూడా లంక బడిలో నలుగురే బాలికలుంటే హద్దు తప్పినట్టే. ఆ బడిని పక్కనున్న 46 మంది బడితో కలిపి ‘మూడో బడి’ అంటే 57 మంది గుంపు అవుతుంది, చిక్కు తీరుతుంది. ట్రస్టు కులవర్గమే ముఖ్యమంటే బడిని వదులుకోవాలి. అప్పుడు మండలం మొత్తానికి ఎస్టీ పిల్లలు ముగ్గురే ఉన్నారనుకుంటే, వాళ్ల గడిలో ‘చూపలేదు’ అని వేయడం తేలికైన దారిగా కనబడుతుంది. మిగతా అందరి వర్గం కనబడుతోంది కాబట్టి ‘చూపలేదు’ అంటే ఎస్టీ అని చదువుకోవడం ఎంతసేపు! ఆ మాట ముగ్గురినీ దాచకపోగా వేలెత్తి చూపుతుంది. వేరే వర్గం నుంచి కూడా కొన్ని వరుసలను అదే మాట కిందికి తేవాలి, లేదా వర్గాన్ని వరుసల నుంచి తీసేసి మొత్తాలుగా మాత్రమే ఇవ్వాలి.

హద్దు సరిపోయిన గుంపులోనూ ఒక లొసుగు ఉంటుంది. ఒక గుంపులో ఆరుగురు ఉన్నారు, ఆరుగురూ ఫెయిల్. ఏ వరుస ఎవరిదో తెలియకపోయినా, తన పక్కింటి పిల్లవాడు ఆ గుంపులో ఉన్నాడని తెలిసినవారికి అతని ఫలితం తెలిసిపోయింది. తలలు లెక్కపెడితే ఇది బయటపడదు. గుంపు లోపల విలువలు ఒకటికంటే ఎక్కువ రకాలుగా ఉన్నాయా అన్నది విడిగా చూడాలి.

సిబ్బంది పట్టికల్లో ఈ లెక్కలు ఇంకా ఇరుకవుతాయి, ఎందుకంటే మనుషులు తక్కువ, హోదాలు ఎక్కువ. చాలా హైస్కూళ్లలో హిందీ మాస్టారు ఒకరే, డ్రిల్లు మాస్టారు ఒకరే. ‘ఫలానా బడి, హిందీ’ అని ఉన్న వరుసకు పేరు రాసినా ఒకటే, రాయకపోయినా ఒకటే. ట్రెజరీ ఐడీ తీసేశాం కదా అంటే కుదరదు. ఇక్కడ బడి లేదా సబ్జెక్టు, రెండింటిలో ఒకటే ఉండాలి. ట్రెజరీ ఐడీతో పాటు ఉద్యోగంలో చేరిన తేదీ కూడా పోవాలి. సీనియారిటీ జాబితాల్లో ఆ తేదీ పేరు పక్కనే ఉంటుంది.

సిబ్బంది నివేదికలు ఎక్కువగా వరుసలుగా కాక మొత్తాలుగా వెళ్తాయి, మొత్తాల్లోనూ మనిషి దొరుకుతాడు. ఒక బడిలో సెలవులో ఉన్నవారు 9 మంది, కారణాల వారీగా ప్రసూతి 5, సొంత పనులు 3, దీర్ఘకాల జబ్బు అన్న గడిలో చుక్క. మొత్తం అడుగున అలాగే ఉంది. 9 లోంచి 8 తీసేస్తే చుక్క కింద ఉన్నది 1 అని మూడో తరగతి పిల్లవాడు చెబుతాడు. ఒక గడిని మూస్తే అదే వరుసలో మరో గడినైనా మూయాలి, లేదంటే మొత్తాన్ని తీసేయాలి. జిల్లా నివేదికలో అడ్డంగా, నిలువుగా రెండు వైపులా మొత్తాలుంటే రెండు వైపులా ఇదే చూసుకోవాలి. వేర్వేరు తేదీల నివేదికలకూ ఇది వర్తిస్తుంది. జూన్‌లో 24 మంది సగటు జీతం, జులైలో ఒకరు రిటైరయ్యాక 23 మంది సగటు ఇస్తే, మధ్యలో ఎవరి జీతమూ మారకపోయి ఉంటే, రిటైరైన మనిషి జీతం తీసివేతతో వచ్చేస్తుంది.

పట్టిక లోపల అంతా సరిగ్గా చేసి, ఫైల్ దగ్గర దెబ్బతిన్న ఉదంతం ఉత్తర ఐర్లండ్ పోలీసు శాఖది. ఏ హోదాలో ఎంతమంది ఉన్నారని సమాచార హక్కు కింద ఒకరు అడిగారు. సంఖ్యలు మాత్రమే కనబడేలా ఎక్సెల్ ఫైల్ తయారు చేసి 2023 ఆగస్టు 8న జవాబుగా పంపారు, అది ఇంటర్నెట్‌లో ప్రచురితమైంది. ఆ సంఖ్యలు ఏ జాబితా నుంచి వచ్చాయో ఆ షీట్ దాగి లోపలే ఉండిపోయింది. 9,483 మంది అధికారులు, సిబ్బంది ఇంటిపేరు, మొదటి అక్షరాలు, హోదా, పనిచేసే చోటు బయటపడ్డాయి. పోలీసు ఉద్యోగమని పొరుగువాళ్లకు కూడా చెప్పుకోలేని చోట అది ప్రాణాలకు సంబంధించిన విషయం. ఆ శాఖకు పడిన జరిమానా 7.5 లక్షల పౌండ్లు.

ఎక్సెల్‌లో దాచిన షీట్, దాచిన కాలమ్, తెల్ల రంగు వేసిన అక్షరాలు ఏవీ పోయినట్టు కాదు. పివట్ పట్టిక ఒకటే ఉంచి అసలు షీట్ తీసేసినా, ఆ పట్టిక తన వెనక వరుసల నకలు పెట్టుకునే ఉండవచ్చు. మొత్తం మీద రెండుసార్లు నొక్కితే దాని వెనకున్న వరుసలు కొత్త షీట్‌లో తెరుచుకుంటాయి. పీడీఎఫ్‌లో పేర్ల మీద నల్లడబ్బా గీస్తే కింద అక్షరాలు అలాగే ఉంటాయి, కాపీ చేసి వేరేచోట పేస్ట్ చేస్తే వచ్చేస్తాయి. కాబట్టి పంపేది సీఎస్‌వీ ఫైల్ అయితే మేలు. అందులో తెరిచి ఉన్న ఒక్క షీట్‌లోని విలువలే వెళ్తాయి. అయితే దాచిన కాలమ్‌లు, వడపోతలో కనబడకుండా పోయిన వరుసలు సీఎస్‌వీలోకి కూడా వెళ్లిపోతాయి. సేవ్ చేసేటప్పుడు ‘CSV UTF-8’ ఎంచుకోకపోతే తెలుగు అక్షరాలు ప్రశ్నార్థకాలవుతాయి. సేవ్ చేశాక ఆ ఫైల్‌ను నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూస్తే, ఎక్సెల్ దాచిపెట్టగలిగినదంతా అక్కడ కనబడుతుంది. పంపే ముందు చేయాల్సిన చివరి తనిఖీ అదే. అప్పుడే తెలిసిన ఒకరి పేరు, ఒక ఫోన్ నంబర్, ఒక ఇంటిపేరు వెతికించి, ఏదీ దొరకలేదని నిర్ధారించుకోవాలి. ఫైల్ పేరులో ఊరు ఉండకూడదన్నది చాలామందికి తట్టదు.

2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండనివారు పిల్లలే. వాళ్ల వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల సమ్మతి ముఖ్యం. పదో తరగతి పట్టికలో ఉండేది దాదాపు అంతా వాళ్లే. కోడ్ వేసిన పట్టిక కూడా, జతల ఫైల్ బడి దగ్గర ఉన్నంతకాలం, బడి దృష్టిలో పేర్లున్న పట్టికే. ట్రస్టు తన సందేహాలన్నీ తీర్చుకున్నానని రాతపూర్వకంగా చెప్పాక జతల ఫైల్‌ను, దాని నకళ్లతో సహా, చెరిపేయాలి. ఆ నకళ్లు పెన్‌డ్రైవ్‌లో, హెడ్మాస్టర్ మెయిల్‌లో, స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో ఎక్కడెక్కడ ఉన్నాయో ముందు వెతుక్కోవాల్సి వస్తుంది. అందుకే ఆ ఫైల్ పుట్టినరోజునే అది ఎవరి దగ్గర, ఏ ఒక్క కంప్యూటర్‌లో ఉండాలో కాగితం మీద రాసి పెట్టుకుంటారు.